జపాన్ అడ్రస్ ఫారం: పోస్టల్ కోడ్ కొడితే నిండే గడులు, నిండని గడులు – తరచుగా అడిగే ప్రశ్నలు

టోక్యోలో ఎదొగావా వార్డు నిషికసాయ్‌లో ఉంటున్నాను. ఇక్కడ మన దేశం వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా తగినంతమంది. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటే: ఒక స్క్రీన్‌షాట్, దాని కింద "అన్నా, ఇందులో ఏ గడిలో ఏం రాయాలి?" అన్న ప్రశ్న. ఫోన్ కనెక్షన్, ఆన్‌లైన్ షాపు, బ్యాంకు, కరెంటు, ఏ ఫారమైనా అడ్రస్ దగ్గరే ఆగిపోతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణగా వాడిన ఇంటి నంబరు, బిల్డింగ్ పేరు కల్పించినవి. నిషికసాయ్, దాని పోస్టల్ కోడ్ మాత్రం నిజమైనవే.

స్క్రీన్‌షాట్‌లో ఉన్న గడులు ఏమిటి?

ఎక్కువ ఫారాల్లో కనిపించేవి ఇవే. వరుస కొంచెం అటూ ఇటూ మారుతుంది. కొన్నిటిలో పోస్టల్ కోడ్ పైన ఉంటుంది, కొన్నిటిలో మీరు పంపినట్టు ప్రిఫెక్చర్ పైన ఉంటుంది.

```
都道府県           [選択してください ▼]   必須
郵便番号           [   ]-[    ] [住所検索]  必須
市区町村           [            ]   必須
町名・番地          [            ]   必須
建物名・部屋番号     [            ]   任意
```

మొదటిది 都道府県, తోదోఫుకెన్ అంటారు. ప్రిఫెక్చర్ అన్నమాట. మన రాష్ట్రం లాంటిదనుకుంటే ప్రస్తుతానికి సరిపోతుంది. రెండోది 郵便番号, యూబిన్ బాంగో, అంటే పోస్టల్ కోడ్. దీన్ని కొన్నిచోట్ల 〒 గుర్తుతోనే చూపిస్తారు. మూడోది 市区町村, నగరం లేదా వార్డు. నాలుగోది 町名・番地, పేట పేరు, ఇంటి నంబరు. ఐదోది 建物名・部屋番号, బిల్డింగ్ పేరు, గది నంబరు. పక్కన 必須 అని ఉంటే తప్పనిసరి, 任意 అని ఉంటే మీ ఇష్టం. 選択してください అంటే "ఎంచుకోండి" అని, అది ఊరి పేరు కాదు. ఒకాయన దాన్నే ప్రిఫెక్చర్ అనుకుని అలాగే వదిలేసి, ఫారం ముందుకు వెళ్ళడం లేదని రెండు రోజులు తిప్పలు పడ్డారు.

కోడ్ పక్కన ఉన్న 住所検索 బటన్‌కు అర్థం "అడ్రస్ వెతుకు". కొన్ని సైట్లలో దీని బదులు 住所自動入力 అని ఉంటుంది, పని మాత్రం అదే. ఇంకొన్నిటిలో అసలు బటనే ఉండదు, ఏడో అంకె కొట్టగానే మిగతా గడులు వాటంతటవే నిండుతాయి.

ప్రిఫెక్చర్ ముందు ఎందుకు వస్తుంది? మనం ఇంటి నంబరుతో కదా మొదలుపెడతాం?

జపాన్‌లో అడ్రస్ పెద్దదాని నుంచి చిన్నదానికి వెళ్తుంది. ముందు ప్రిఫెక్చర్, తర్వాత నగరం, తర్వాత పేట, తర్వాత బ్లాకు, తర్వాత ఇల్లు, చివర గది. మనం కవరు మీద రాసే పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. మీ హైదరాబాద్ అడ్రస్‌ను కింది లైను నుంచి పైకి చదువుకోండి, అదే జపాన్ వరుస. దీన్ని మనసులో పెట్టుకుంటే స్క్రీన్‌షాట్‌లో ఒక్క అక్షరం చదవలేకపోయినా, పైగడి పెద్ద ప్రాంతానిది, కిందగడి మీ తలుపుది అని తెలిసిపోతుంది.

ప్రిఫెక్చర్ గడి ముందు ఉంది కదా, ముందు దాన్నే ఎంచుకోవాలా?

అక్కర్లేదు. దాన్ని అలాగే వదిలేసి పోస్టల్ కోడ్ గడికి వెళ్ళండి. ఏడంకెలూ కొట్టి 住所検索 నొక్కండి. కోడ్ సరైనదైతే పైన ఉన్న ప్రిఫెక్చర్ కూడా దానంతటదే మారుతుంది. ఆ తర్వాత పైకి వెళ్ళి 東京都 అని పడిందా లేదా చూసుకోండి. గడులు స్క్రీన్ మీద ఏ వరుసలో ఉన్నా, నింపాల్సిన వరుసలో కోడే ముందు.

ముందు మీరే ఎంచుకున్నా నష్టం లేదు, కోడ్ చెప్పిందే దాని మీద వచ్చి కూర్చుంటుంది. అయితే ఇందులో ఒక ఉపయోగం కూడా ఉంది. మీరు ఎంచుకున్నది ఒకటి, కోడ్ తెచ్చింది ఇంకొకటి అయితే, కోడ్‌లో ఒక అంకె తప్పు పడి ఉండొచ్చు. అప్పుడు ఆగి అద్దె అగ్రిమెంట్ కాగితం చూడండి.

జాబితా తెరిస్తే టోక్యో ఎక్కడుందో దొరకడం లేదు.

జాబితాలో 47 పేర్లు ఉంటాయి. అవి అక్షర క్రమంలో ఉండవు, దేశం మ్యాపులో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగినట్టు ఉంటాయి. మొదటిది 北海道 (హొక్కైదో), చివరిది 沖縄県 (ఒకినావా). టోక్యో 13వది. దాని ముందు 11లో 埼玉県 (సైతామా), 12లో 千葉県 (చిబా), తర్వాత 14లో 神奈川県 (కనగావా) వస్తాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే నాలుగు ప్రాంతాలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకసారి చూస్తే గుర్తుండిపోతుంది.

చివరి అక్షరం కూడా గమనించండి. 43 పేర్లకు 県 (కెన్) వస్తుంది. టోక్యోకు 都 (తో), హొక్కైదోకు 道 (దో), ఒసాకా, క్యోటోలకు 府 (ఫు) వస్తాయి. 都, 道, 府, 県 అనే ఈ నాలుగు అక్షరాలూ కలిపితేనే గడి పేరు 都道府県 అయింది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు 東京都, 京都府 మధ్య. టోక్యో పేరు 東京都 లోపల 京都 అన్న రెండక్షరాలూ అలాగే ఉన్నాయి, ఆ రెండక్షరాలే క్యోటో. తొందరలో 26వ వరుసలో ఉన్న 京都府 ఎంచుకున్నవాళ్ళను చూశాను. మీరు ఎంచుకున్న ప్రిఫెక్చర్ పేరులో 東 ఉందా అని చూడండి. ఉంటే టోక్యో.

ఇంకో మాట. కవసాకీలో, యొకొహామాలో ఉండేవాళ్ళు మాటల్లో "టోక్యోలో ఉంటున్నాం" అనేస్తారు. ఫారంలో అది కుదరదు. ఆ రెండూ కనగావా ప్రిఫెక్చర్‌లో ఉన్నాయి. అక్కడ నగరం గడిలో 横浜市緑区 అన్నట్టు నగరం, వార్డు రెండూ కలిసి వస్తాయి. టోక్యో 23 వార్డుల్లో మాత్రం మధ్యలో నగరం పేరు ఉండదు, 東京都 తర్వాత నేరుగా 江戸川区 వస్తుంది. "నగరం గడిలో నగరమే లేదు, తప్పు పడిందేమో" అని టెన్షన్ పడకండి.

కోడ్ కొట్టాక నిండింది కదా, ఇంకా ఏం రాయాలి?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆరంకెలు. అది ఉత్తరాన్ని పంచే పోస్టాఫీసు దాకా తీసుకెళ్తుంది, ఆ పోస్టాఫీసు కింద ఎన్నో పేటలు ఉండొచ్చు. జపాన్‌లో ఇప్పుడున్న ఏడంకెల కోడ్ 1998 ఫిబ్రవరి 2న మొదలైంది. అంతకుముందు మూడు లేదా ఐదు అంకెలే ఉండేవి. ఈ ఏడంకెలు పోస్టాఫీసు దగ్గర ఆగవు, సాధారణంగా ఒక్క పేట దాకా వెళ్తాయి. నిషికసాయ్‌కు ఒక కోడ్, పక్కనే ఉన్న నకకసాయ్‌కు ఇంకో కోడ్. అందుకే కోడ్ కొట్టగానే ఫారం ఇంత చెప్పగలుగుతుంది:

```
134-0088 → 東京都 / 江戸川区 / 西葛西
```

ప్రిఫెక్చర్, వార్డు, పేట. మూడే ముక్కలు. జపాన్ పోస్ట్ ఇచ్చే కోడ్ల పట్టికలో నిషికసాయ్‌కు ఉన్నది ఇంతే. సైట్లు ఆ పట్టికను తమ దగ్గర పెట్టుకుని, మీరు కొట్టిన అంకెలకు ఎదురుగా ఉన్న మాటల్ని గడుల్లో పడేస్తాయి. మీ బ్లాకు నంబరు, ఇంటి నంబరు, గది నంబరు ఆ పట్టికలో లేవు. కాబట్టి అవి ఎప్పటికీ వాటంతటవి నిండవు. నిండిన గడుల్ని చూసి "అయిపోయింది" అనుకుని కింద బటన్ నొక్కితే, వేలమంది ఉండే పేట పేరు మాత్రమే ఇచ్చి ఇంటి తలుపు చెప్పనట్టు.

ఒక్క ఫారం మొత్తం చేసి చూద్దాం. మీ రెసిడెన్స్ కార్డు వెనక వార్డు ఆఫీసువాళ్ళు ఇలా రాశారనుకుందాం:

```
東京都江戸川区西葛西五丁目99番99号 サンプルハイツ203号室
```

కోడ్ కొట్టి బటన్ నొక్కాక 東京都, 江戸川区 వాటి గడుల్లో పడతాయి. నాలుగో గడిలో 西葛西 పడి, కర్సర్ దాని వెనక ఆగుతుంది. మీరు అక్కడ నుంచి అందుకుని 5-99-99 కలపాలి. కింద గడిలో బిల్డింగ్ పేరు, గది నంబరు రాయాలి. చివరికి ఇలా కనిపించాలి:

```
都道府県           東京都
郵便番号           134-0088
市区町村           江戸川区
町名・番地          西葛西5-99-99
建物名・部屋番号     サンプルハイツ203号室
```

5-99-99 అంటే ఏమిటి? ఫ్లాట్ నంబరా?

కాదు. మొదటి అంకె 丁目 (చోమే), అంటే పేటలో ఎన్నో భాగం అని. నిషికసాయ్‌ను అలా భాగాలుగా విడదీశారు. రెండోది 番 (బాన్), ఆ భాగంలో నాలుగు వీధుల మధ్య ఉండే బ్లాకు. మూడోది 号 (గో), ఆ బ్లాకులో బిల్డింగ్ నంబరు. ఎక్కువ వీధులకు పేర్లే ఉండవు, అందుకే అడ్రస్‌లో వీధి పేరు కోసం వెతకొద్దు. 1962లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఈ బ్లాకు పద్ధతి పెట్టారు. అది ఇంకా అమలు కాని ఊళ్ళలో 番, 号 బదులు 番地 (బాన్చి) అని భూమి నంబరు ఉంటుంది. అక్కడ రెండు అంకెలో, ఒక్క అంకో ఉండొచ్చు. మూడు లేవని కంగారు పడి లేనిది కలపకండి.

కార్డు మీద 五丁目 అని కాంజీలో ఉంటే ఫారంలో 5 అని రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. షాపింగ్, డెలివరీ ఫారాల్లో హాయిగా రాయొచ్చు, ఇక్కడివాళ్ళు కూడా అలాగే రాస్తారు. 五 అంటే 5. ఒకటి నుంచి ఎనిమిది దాకా 一 二 三 四 五 六 七 八 గుర్తుపడితే దాదాపు అన్ని చోమేలూ చదవగలుగుతారు. బ్యాంకు సంగతి వేరు, దాని గురించి కింద చెప్పాను.

నేను ఇంటి నంబరు రాశాను, కానీ చివర్లో చూస్తే మాయమైంది.

ఇంటి నంబరు రాసిన తర్వాత మళ్ళీ 住所検索 నొక్కి ఉంటారు. లేదా కోడ్ గడిలో వేలు తగిలి ఒక అంకె చెరిపి మళ్ళీ కొట్టి ఉంటారు. బటన్ నొక్కిన ప్రతిసారీ చాలా సైట్లు నాలుగో గడిని మొత్తం తుడిచి 西葛西 ఒక్కటే తిరిగి పెడతాయి. మీరు కలిపిన 5-99-99 పోతుంది. గడి ఖాళీగా లేదు కాబట్టి ఎర్ర అక్షరాల్లో తప్పు కూడా చూపించదు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. కోడ్, బటన్ మొదటి పని. అది అయ్యాకే చేతితో రాసేది. చివర 確認 (సరిచూసుకోండి) పేజీ వచ్చినప్పుడు నాలుగో గడిలో అంకెలు ఉన్నాయో లేదో ఒక్కసారి చూడండి.

బ్రౌజర్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఇండియాలో దాచుకున్న పాత అడ్రస్‌ను సాయం చేస్తున్నానని తెచ్చి ఇక్కడి గడుల్లో పోస్తుంది. నగరం గడిలో ఉన్నట్టుండి గుంటూరు అనో కూకట్‌పల్లి అనో కనిపిస్తే కారణం అదే. ఆ గడి చెరిపేసి, కోడ్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

అడ్రస్ రెండుసార్లు వచ్చింది: 江戸川区江戸川区西葛西西葛西. ఇది తప్పా?

తప్పే, కానీ సరిచేయడం తేలిక. నిండిన మాటల్ని గమనించకుండా, కార్డు మీద ఉన్న మొత్తం అడ్రస్‌ను తెచ్చి నాలుగో గడిలో పేస్ట్ చేస్తే ఇలా అవుతుంది. నిండినదాన్ని చదవండి, అది ఆగిన చోట నుంచే రాయండి. కొన్ని సైట్లలో పేట పేరు నగరం గడిలోనే, 江戸川区西葛西 అని కలిసి పడుతుంది. అప్పుడు కింద గడి పేరు ఒక్క 番地 అనే ఉంటుంది, అందులో 5-99-99 మాత్రమే రాయాలి. ఏ గడిలో ఏది ఉన్నా, పై నుంచి కిందికి వరుసగా చదివితే మొత్తం అడ్రస్ ఒక్కసారే రావాలి. అదే పరీక్ష.

బటన్ నొక్కినా ఏమీ రాలేదు.

ముందు అంకెలు లెక్కపెట్టండి, ఏడు ఉండాలి. తర్వాత కోడ్‌కు రెండు గడులు ఉన్నాయా, ఒకటే ఉందా చూడండి. రెండుంటే మొదటిదానిలో 134, రెండోదానిలో 0088. ఒకటే ఉండి పక్కన ハイフンなし అని ఉంటే మధ్య గీత లేకుండా 1340088 అని కొట్టాలి. జపనీస్ కీబోర్డు మీద ఉండి అంకెలు కొడితే అవి １３４ లాగా వెడల్పుగా పడతాయి. కొన్ని సైట్లు వాటిని గుర్తించవు. ఇంగ్లీష్ కీబోర్డుకు మారి కొట్టండి.

ఇంకో కారణం పేజీని అనువాదం చేసి చూడటం. క్రోమ్‌లో పేజీ మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుంటే జాబితాలో 東京都 అన్న మాట కూడా మారిపోతుంది. కొన్ని ఫారాలు ఆ మాటను పోల్చుకునే ప్రిఫెక్చర్‌ను ఎంచుకుంటాయి, దానికి ఇప్పుడు ఆ మాట దొరకదు. నగరం, పేట నిండి ప్రిఫెక్చర్ ఒక్కటే 選択してください దగ్గర ఉండిపోతే, అనువాదం తీసేసి మళ్ళీ నొక్కి చూడండి. గడుల అర్థం తెలుసుకోవడానికి అనువాదం వాడండి, నింపేటప్పుడు అసలు పేజీలోనే నింపండి.

అప్పటికీ రాకపోతే కోడే తప్పు కావచ్చు. జపాన్ పోస్ట్ సైటు `www.post.japanpost.jp` లో పేట పేరు ఇచ్చి కోడ్ వెతుక్కోవచ్చు. బటన్ పనిచేయకపోయినా ఫారం ఆగదు, అన్ని గడుల్లో చేత్తో కూడా రాయొచ్చు.

పేట పేరు రాలేదు, వార్డు దాకానే నిండింది. కొందరికి జాబితా వచ్చిందంటున్నారు.

చివర 0000 ఉన్న కోడ్ కొట్టి ఉంటారు. ఉదాహరణకు 100-0000. అది చియోదా వార్డులో పట్టికలో పేరు లేని పేటలన్నిటికీ కలిపి ఉంచిన కోడ్. మీ పేటకు సొంత కోడ్ ఉండే అవకాశం ఎక్కువ, వెతకండి. లేకపోతే పేట పేరు మీరే రాయాలి.

కొన్నిచోట్ల, ముఖ్యంగా పల్లె ప్రాంతాల్లో, ఒకే కోడ్ కింద రెండు మూడు పేటలు ఉంటాయి. అప్పుడు చిన్న జాబితా తెరుచుకుంటుంది, అందులో మీదేదో నొక్కాలి. మొదటిదాన్ని గుడ్డిగా నొక్కకండి, కార్డు మీద అక్షరాలతో పోల్చి చూడండి.

全角で入力してください అని ఎర్రగా వస్తోంది.

వెడల్పు అక్షరాల్లో రాయమని అడుగుతోంది. జపనీస్‌లో ఒకే అంకెకు రెండు రూపాలుంటాయి: 5 సన్నది, దాన్ని 半角 (హన్‌కాకు) అంటారు. ５ వెడల్పుది, దాన్ని 全角 (జెన్‌కాకు) అంటారు. కోడ్, ఫోన్ నంబరు గడులు సన్నవి అడుగుతాయి, అడ్రస్ గడులు చాలాచోట్ల వెడల్పువి అడుగుతాయి. విండోస్ కంప్యూటర్లో జపనీస్ కీబోర్డుతో కొట్టి, ఎంటర్ నొక్కకముందే F9 నొక్కితే వెడల్పుగా, F10 నొక్కితే సన్నగా మారుతుంది. ఫోన్‌లో జపనీస్ కీబోర్డుతో అంకె కొడితే పైన రెండు రూపాలూ చూపిస్తుంది.

అంకెలు మార్చినా తప్పు పోకపోతే మధ్య గీత చూడండి. అక్కడే చాలామంది ఆగిపోతారు. సన్న గీత -, వెడల్పు గీత －, కటకానాలో దీర్ఘానికి వాడే ー, మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అంకెలు వెడల్పుగా ఉంటే గీత కూడా వెడల్పుదే కావాలి: ５－９９－９９. దీర్ఘం గుర్తు ー పడితే మనిషి చదవగలడు, ఫారం మాత్రం ఒప్పుకోకపోవచ్చు. గీతతో ఎంతకీ కుదరకపోతే ５丁目９９番９９号 అని మాటల్లో రాసేయండి. దానిలో గీతే లేదు కాబట్టి గొడవ కూడా లేదు. నేను విసిగిపోయినప్పుడల్లా ఇదే చేస్తాను.

బిల్డింగ్ పేరు గడి 任意 కదా, వదిలేస్తే ఏమవుతుంది?

విడిగా ఉండే ఇల్లయితే వదిలేయొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎప్పుడూ వదలకండి. కొందరికి బిల్డింగ్ ఉండదు కాబట్టే ఆ గడిని తప్పనిసరి చేయలేదు, మీకు అక్కర్లేదని కాదు.

వచ్చిన మొదటి ఏడు నేను ఆ గడి ఖాళీగా వదిలేసి ఇంటి నుంచి ఒక ముఖ్యమైన కాగితం తెప్పించుకున్నాను. 5-99-99 లాంటి అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఆ నంబరు మొత్తం బిల్డింగ్‌ది, అందులో ముప్ఫై గదులు. కింద పోస్టు డబ్బా మీద నా పేరు కూడా పెట్టుకోలేదు. ఉత్తరం మీద あて所に尋ねあたりません అన్న ముద్ర పడి వెనక్కి వెళ్ళింది. "ఈ చిరునామాలో ఇలాంటివారు దొరకలేదు" అని దాని అర్థం. మా అమ్మ ఆ కవరు ఫోటో పంపినప్పుడు తెలిసింది నాకు. పోస్టుమ్యాన్ తప్పేమీ లేదు. గది నంబరు రాయండి, డబ్బా మీద పేరు అంటించండి. రెండూ కావాలి.

బిల్డింగ్ పేర్లలో ハイツ, コーポ, マンション లాంటివి కటకానాలో ఉంటాయి. మాన్షన్ అంటే ఇక్కడ బంగళా కాదు, కాంక్రీటు అపార్ట్‌మెంట్. పేరును మీ అద్దె అగ్రిమెంట్ నుంచి కాపీ చేసుకోవడం మంచిది. పేరు తెలియకపోతే కనీసం 203号室 అని గది నంబరైనా రాయండి.

బ్యాంకు ఫారంలో కూడా ఇలాగే నింపొచ్చా?

కోడ్, నిండే పద్ధతి అదే. కానీ అక్కడ మీరు రాసినదాన్ని రెసిడెన్స్ కార్డు ఫోటోతో పక్కపక్కన పెట్టి చూస్తారు. కాబట్టి కార్డు మీద 五丁目99番99号 అని ఉంటే అలాగే రాయండి, గీతలతో కుదించకండి. కార్డు మీద బిల్డింగ్ పేరు ఉంటే అది కూడా అదే అక్షరాల్లో ఉండాలి.

కొత్తగా దిగినవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. విమానాశ్రయంలో ఇచ్చిన కార్డు ముందువైపు అడ్రస్ చోట 未定 అని ఉంటుంది, ఇంకా నిర్ణయం కాలేదని అర్థం. ఇల్లు దొరికాక 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకు వెళ్ళి నమోదు చేసుకుంటే అడ్రస్‌ను కార్డు వెనక వేస్తారు. అది కాకముందు బ్యాంకు ఫారం నింపినా పనికిరాదు. నమోదు అయ్యాక ముందువైపుతో పాటు వెనకవైపు ఫోటో కూడా పెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

బ్యాంకు ఫారాల్లో 住所カナ అని ఇంకో గడి ఉండొచ్చు. అదే అడ్రస్‌ను కటకానాలో అడుగుతోంది: トウキョウト エドガワク ニシカサイ. చాలాచోట్ల కోడ్ కొట్టినప్పుడే ఇది కూడా నిండుతుంది. అంకెలు మాత్రం ఇక్కడ కూడా మీరే కలపాలి.

ఆఫీసు అడ్రస్ కోడ్ కొడితే పేట కాదు, వేరే పేరు వస్తోంది.

పెద్ద ఆఫీసులకు, చాలా ఉత్తరాలు వచ్చే సంస్థలకు విడిగా సొంత కోడ్ ఉంటుంది. నిషిషింజుకు పేటకు 160-0023 అయితే, అదే పేటలో ఉన్న టోక్యో ప్రభుత్వ కార్యాలయానికి 163-8001. అక్కడి కొన్ని ఆకాశహర్మ్యాల్లో అంతస్తు అంతస్తుకూ వేరు కోడ్. అలాంటి కోడ్ కొడితే బిల్డింగ్ పేరు, అంతస్తు కూడా కలిసి నిండొచ్చు. ఆ రకం కోడ్లు పెట్టుకోని సైటులో ఏమీ రాకపోవచ్చు. అప్పుడు పేట కోడ్ వాడి, బిల్డింగ్, అంతస్తు, కంపెనీ పేరు కింద గడిలో రాస్తే చేరుతుంది.

ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే ఒప్పుకుంటుందా?

జపనీస్ ఫారాల్లో ఎక్కువగా ఒప్పుకోదు, ఒప్పుకున్నా వరుస తిరగబడి గందరగోళం అవుతుంది. కోడ్ కొడితే కాంజీ దానంతటదే వస్తుంది కాబట్టి మీరు రాయాల్సింది అంకెలు, బిల్డింగ్ పేరు మాత్రమే. ఆ మాత్రం కాపీ చేసి పెట్టుకోవడం కష్టం కాదు.

ఇంగ్లీష్ అక్షరాలు పనికొచ్చేది అటు నుంచి ఇటు వచ్చేవాటికి. విజయవాడ నుంచి అమ్మ పచ్చళ్ళ పార్శిల్ పంపితే దాని మీద మనకు అలవాటైన వరుసలో, చిన్నదాని నుంచి పెద్దదానికి ఇలా రాయించండి:

```
203 Sample Heights, 5-99-99 Nishikasai,
Edogawa-ku, Tokyo 134-0088, JAPAN
```

కోడ్, దేశం పేరు స్పష్టంగా ఉండాలి. మీ జపాన్ ఫోన్ నంబరు కూడా రాయించండి.

ఇంకా ఇండియాలోనే ఉన్నాను. కోడ్ గడిలో మా పిన్ కోడ్ వేయొచ్చా?

పడదు. అది ఏడంకెలు అడుగుతుంది, మనది ఆరు. ఒక సున్నా కలిపి ఏడు చేస్తే జపాన్‌లో ఏదో ఊరు వచ్చి కూర్చోవచ్చు, లేదా ఏమీ రాకపోవచ్చు. రెండూ మీకు పనికిరావు. కొన్ని ఫారాల్లో ప్రిఫెక్చర్ జాబితా చివర, ఒకినావా తర్వాత 海外 అని ఉంటుంది, అంటే విదేశం. అది ఉంటే ఎంచుకోండి. లేకపోతే ఆ ఫారం జపాన్‌లో అడ్రస్ ఉన్నవాళ్ళ కోసమే.

సాయం అడగడానికి స్క్రీన్‌షాట్ ఎలా పంపాలి?

సగం తెగిపోయిన స్క్రీన్‌షాట్‌తో ఏమీ చెప్పలేం. గడి పేర్లు ఎడమవైపు లేదా పైన ఉంటాయి, అవి కనిపించాలి. ఎర్ర అక్షరాలు వచ్చి ఉంటే అవి ఏ గడి కింద ఉన్నాయో తెలియాలి. జాబితా స్క్రీన్‌షాట్‌లో తెరుచుకోదు కాబట్టి, ప్రిఫెక్చర్ దగ్గర ఆగిపోతే జాబితా తెరిచి ఉంచి ఇంకోటి తీయండి. కోడ్ కొట్టి బటన్ నొక్కిన తర్వాత తీసింది పంపితే ఇంకా మంచిది, ఏది నిండింది, ఏది నిండలేదు అన్నది చూడగానే తెలిసిపోతుంది.

పంపేముందు ఇంటి నంబరు, గది నంబరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు కనిపించకుండా చేయండి. గ్రూపులో వంద మంది ఉంటారు. కోడ్, పేట పేరు కనిపిస్తే చాలు, జవాబు చెప్పడానికి మిగతావి అవసరం లేదు. రెసిడెన్స్ కార్డు ఫోటో మాత్రం గ్రూపులో అస్సలు పెట్టకండి. వెనకవైపు అడ్రస్ లైను చదవడం రాకపోతే, ఆ ఒక్క లైను వరకు కత్తిరించి, నమ్మకమైన ఒకరికి విడిగా పంపండి.